రోమింగ్ ప్యాక్ ఉన్నా బిల్లులో విడిగా 412 ఎంబీ: సెషన్ వారీ లెక్క ఎలా అడగాలి, ఛార్జీ ఎలా వెనక్కి వస్తుంది?

శశిరేఖ_పి

పోస్ట్‌పెయిడ్ కనెక్షన్. 4వ తేదీన వేరే దేశంలో దిగాక, 7 రోజులకు 1 జీబీ అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ తీసుకున్నాను. ప్యాక్ మొదలైందని ఎస్సెమ్మెస్ కూడా వచ్చింది. 10వ తేదీన తిరిగి వచ్చేశాను. ప్యాక్ గడువు ముగిసేసరికి యాప్‌లో ఇంకా 380 ఎంబీ మిగిలినట్టే ఉంది. ఇప్పుడు బిల్లులో ప్యాక్ ధర కాకుండా రెండు లైన్లు అదనంగా వచ్చాయి.

ఒకటి: «డేటా రోమింగ్, 4వ తేదీ, 412 ఎంబీ». దీన్ని ప్యాక్ లేనివాళ్లకు వేసే రేటుతో కట్టారు. బిల్లులో సింహభాగం ఇదే.
రెండు: «రోమింగ్ వాయిస్, 6 కాల్స్». అక్కడున్నన్నాళ్లూ నేను ఒక్క ఫోనూ ఎత్తలేదు, ఎవరికీ చేయలేదు.

కస్టమర్ కేర్‌ను అడిగితే «ప్యాక్ మొదలవక ముందు వాడిన డేటా మేడమ్, వివరాలు అవతలి దేశం ఆపరేటర్ దగ్గర ఉంటాయి, మా దగ్గర ఇంతే» అన్నారు. ఐటమైజ్డ్ బిల్లు పంపారు కానీ అందులోనూ 4వ తేదీకి ఒకటే లైను ఉంది. వివరంగా లెక్క ఇమ్మని ఏమని అడగాలి? ఛార్జీ వెనక్కి ఇప్పించుకునే దారి ఉందా?

చక్రి_టాప్‌గేర్

వివరాలు ఇవ్వకపోతే బిల్లు కట్టకండి మేడమ్. వాడినట్టు రుజువు చేయాల్సింది వాళ్లే. రుజువు చేసేదాకా ఒక్క పైసా కట్టనవసరం లేదు. ఇంకో మాట, ఇదంతా రౌండింగ్ మాయ. ప్రతి సెషన్‌నూ పైకి రౌండ్ చేసి లెక్క పెంచుతారు. చిన్న చిన్న సెషన్లు వందల్లో ఉంటే 20 ఎంబీ కాస్తా 400 అవుతుంది.

బిల్లింగ్_బెంచ్

శశిరేఖ గారూ, ముందు చక్రి గారు చెప్పినదాంట్లో ఒక ముక్క సరిచేయాలి, లేకపోతే మీకు ఇబ్బంది అవుతుంది. లెక్క అడిగే హక్కు మీకుంది, నిజమే. కానీ బిల్లు మొత్తం ఆపేస్తే, మీరు ఒప్పుకునే నెల అద్దె, ప్యాక్ ధర కూడా బకాయి కింద పడతాయి. ఆలస్య రుసుము మొదలవుతుంది, అవుట్‌గోయింగ్ ఆగుతుంది. తరువాత మీ ఫిర్యాదు గెలిచినా ఈ రెండింటికీ వేరే గొడవ. అందుకని వివాదంలో లేని మొత్తాన్ని గడువులోపు కట్టి, ఏ లైనును ఎందుకు కట్టలేదో అదే రోజు రాతపూర్వకంగా పంపండి. ఆటోపే పెట్టి ఉంటే ఇవాళే ఆపండి. ఫిర్యాదు నడుస్తోందని బ్యాంకుకు తెలియదు, గడువు రోజున మొత్తం లాగేస్తుంది.

ఇక అసలు విషయం. «వివరాలు అవతలి ఆపరేటర్ దగ్గరే ఉన్నాయి» అన్న మాట డేటా విషయంలో చాలావరకు నిలవదు. మీరు విదేశంలో ఉన్నా, మీ ఫోన్ నుంచి బయల్దేరిన డేటా సాధారణంగా అక్కడి టవర్ గుండా మీ సొంత ఆపరేటర్ గేట్‌వేకి వచ్చి, అక్కడి నుంచే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. కాబట్టి మీ ఆపరేటర్ దగ్గర తన గేట్‌వే రాసుకున్న సొంత రికార్డు ఉంటుంది. దానికి తోడు, అవతలి ఆపరేటర్ డబ్బు వసూలు చేసుకోవడానికి పంపే టాప్ ఫైల్ కూడా వస్తుంది. అంటే ఒకే వాడకానికి రెండు వేర్వేరు చోట్ల రాసిన రెండు లెక్కలు మీ ఆపరేటర్ చేతిలో ఉన్నట్టు. ఫ్రంట్ డెస్క్‌లో కూర్చున్నవారి తెరమీద ఇవి కనిపించవు, అందుకే వాళ్లు అలా అంటారు. వెనకాల రోమింగ్ బిల్లింగ్ టీమ్‌కు కనిపిస్తాయి.

«ఐటమైజ్డ్ బిల్లు కావాలి» అని అడిగితే మళ్లీ అదే పీడీఎఫ్ వస్తుంది. ఆ మాట వాడకండి. «4వ తేదీ రోమింగ్ డేటాకు సెషన్ వారీ రికార్డులు» అని అడిగి, ఒక్కో రికార్డుకు ఏమేం కావాలో మీరే రాయండి:

– మొదలైన సమయం, అది ఏ దేశపు గడియారమో, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీతో తేడా ఎంతో
– ఎంతసేపు నడిచింది
– ఏ నెట్‌వర్క్, దాని కోడ్
– పైకి వెళ్లిన, కిందకి వచ్చిన డేటా బైట్లలో. ఛార్జీ వేసిన పరిమాణం విడిగా
– ఏ రేటు లేదా ఏ ప్యాక్ కింద కట్టారు
– ఛార్జింగ్ ఐడీ, అంటే ఒక్కో డేటా సెషన్‌కు నెట్‌వర్క్ ఇచ్చే గుర్తింపు సంఖ్య

వీటిలో మొదటిదాన్ని అస్సలు వదలకండి. మీ ఎస్సెమ్మెస్‌లో ప్యాక్ ఎన్ని గంటలకు మొదలైందని ఉంది? మీరు దిగిన దేశానికీ మన దేశానికీ గంటల తేడా ఎంత? ఆ రెండూ ఇక్కడ రాయండి.

చక్రి గారి రౌండింగ్ సంగతి సెషన్ల సంఖ్య చూశాక తేలుతుంది. నిమిషానికోసారి తెగి మళ్లీ కలిసే కనెక్షన్ అయితే అది నిజంగానే లెక్కను పెంచుతుంది. ఇక్కడ అదే జరిగిందని ఇప్పుడే అనలేం.

లలిత_సాగర్

నాకూ ఇదే సమస్య వచ్చింది. ఓడ ప్రయాణంలో రోమింగ్ ప్యాక్ ఉంది, ఆ ప్యాక్‌లో ఉన్న దేశాల రేవుల్లోనే ఆగాం. అయినా రెండు రోజుల డేటా విడిగా కట్టారు. నేనూ ఇలాగే సెషన్ వారీ లెక్క అడిగితే తిరిగి ఇస్తారా?

బిల్లింగ్_బెంచ్

లలిత గారూ, మీది వేరే సమస్య. మీ బిల్లులోనో రికార్డులోనో నెట్‌వర్క్ కోడ్ చూడండి. ప్రతి దేశానికీ మూడంకెల కోడ్ ఉంటుంది. అది 901తో మొదలైతే ఏ దేశానికీ చెందని నెట్‌వర్క్ అని అర్థం. ఓడల్లో, విమానాల్లో ఉపగ్రహం ద్వారా నడిచేవి ఆ కోడ్ కింద వస్తాయి. దేశాల పేర్లతో అమ్మే ప్యాకులు వీటికి వర్తించవు. రేవు దాటి కొంత దూరం వెళ్లగానే ఓడలోని నెట్‌వర్క్ మొదలవుతుంది, ఫోన్ తనంతట తనే దానికి మారుతుంది. అక్కడ వాడకం నిజం, రేటూ నిబంధనల ప్రకారమే. కాబట్టి తప్పు లెక్క అని వాదిస్తే నిలవదు. ఆ నెట్‌వర్క్‌లోకి మారినప్పుడు రేటు తెలిపే ఎస్సెమ్మెస్ రాలేదు, ఖర్చు పరిమితి దగ్గర డేటా ఆపలేదు అనేవి మీకు బలం. యూరోపియన్ యూనియన్‌లో 2022 జులై నుంచి అమల్లో ఉన్న రోమింగ్ నియమాలు ఈ ఓడ, విమాన నెట్‌వర్కులకు కూడా 50 యూరోల దగ్గరో, ముందే పెట్టిన వేరే పరిమితి దగ్గరో ఆపాలంటాయి. మీ ఆపరేటర్ ఏ దేశం నియమాల కిందకి వస్తుందో చూసుకోండి. ఇది పెద్ద చర్చ, వీలైతే వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

శశిరేఖ_పి

బెంచ్ గారూ, చాలా థాంక్స్. ఆటోపే ఆపేశాను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. విమానం దిగి ఫోన్ ఆన్ చేసింది అక్కడి 14:40కి. ఎయిర్‌పోర్ట్ వైఫైలో యాప్ తెరిచి 14:50కి ప్యాక్ కొన్నాను. ఎస్సెమ్మెస్‌లో మాత్రం «4వ తేదీ 17:30 నుంచి ప్యాక్ అమల్లో ఉంది» అని ఉంది. అక్కడి గడియారంలో అది 15:00కి వచ్చింది.

మీరు చెప్పిన వివరాలన్నీ రాసి మెయిల్ పెట్టాను. ముందు దాన్ని «రిక్వెస్ట్» కింద తీసుకున్నారు.

ఫిర్యాదు_పత్రం

శశిరేఖ గారూ, ఆ చివరి మాట దగ్గర ఆగండి. రిక్వెస్ట్ అంటే వాళ్లు ఏదో ఒక పీడీఎఫ్ పంపగానే మూసేస్తారు. మీకు కావాల్సింది «బిల్లింగ్ కంప్లయింట్» నంబరు. పైస్థాయి అప్పీలుకు వెళ్లాలన్నా, నియంత్రణ సంస్థకో అంబుడ్స్‌మన్‌కో రాయాలన్నా మొదట అడిగేది కంప్లయింట్ నంబరు, అది నమోదైన తేదీ. రిక్వెస్ట్ నంబరు చూపిస్తే «ముందు కంపెనీలో ఫిర్యాదు చేయండి» అని వెనక్కి పంపుతారు. మళ్లీ మెయిల్ పెట్టి, «ఇది సమాచారం కోసం వినతి కాదు, ఫలానా లైనుపై బిల్లింగ్ ఫిర్యాదు, కంప్లయింట్ నంబరు ఇవ్వండి» అని ఒక్క వాక్యం రాయండి. ఫోన్లో మాట్లాడితే ఎవరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏమన్నారు అని ఆ వెంటనే మెయిల్‌లో వేయండి.

ఫోన్‌లోని డేటా కౌంటర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఐఫోన్ అయితే మొబైల్ డేటా పేజీలో రోమింగ్ లెక్క వేరుగా ఉంటుంది, అది దానంతట అది సున్నా కాదు, పొరపాటున రీసెట్ నొక్కకండి. ఆండ్రాయిడ్‌లో తేదీల వారీగా, యాప్ వారీగా చూడొచ్చు. అంకెలు నెట్‌వర్క్ లెక్కతో అచ్చంగా కలవవు, కొంచెం తేడా మామూలే. కానీ ఆ రోజు అసలు ఎంత వాడకం జరిగిందో ఒక అంచనా మన చేతిలో ఉంటుంది.

శశిరేఖ_పి

కంప్లయింట్ నంబరు వచ్చింది. రెండో మెయిల్ తరువాత రికార్డులు కూడా పంపారు. 4వ తేదీకి ఐదు ఉన్నాయి. నెట్‌వర్క్ ఒకటే, ప్యాక్‌లో ఉన్న దేశానిదే. ఐదు ఛార్జింగ్ ఐడీలూ వేర్వేరు.

```
1)  14:44    46 ఎంబీ
2)  15:06   118 ఎంబీ
3)  15:51    97 ఎంబీ
4)  16:37    84 ఎంబీ
5)  17:29    67 ఎంబీ
```

ఐదింటికీ «ప్యాక్ వెలుపల» అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో «సమయం: సందర్శిత నెట్‌వర్క్ స్థానిక సమయం» అని రాశారు. 18:12కి మొదలైన తరువాతి రికార్డు నుంచి అన్నీ ప్యాక్ కింద పడ్డాయి.

బిల్లింగ్_బెంచ్

జవాబు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది శశిరేఖ గారూ.

మీ ప్యాక్ మొదలైంది 17:30కి, మన గడియారం ప్రకారం. ఆ సమయానికి మీరున్న దేశంలో 15:00. రికార్డుల మీద ఉన్నది అక్కడి సమయం. బిల్లింగ్ సిస్టమ్ ఈ రెండింటినీ ఒకే గడియారానికి మార్చకుండా, 15:06ను 17:30తో నేరుగా పోల్చింది. 15:06 చిన్నది కాబట్టి «ప్యాక్ ఇంకా రాలేదు» అని తేల్చింది. 17:29 దాకా అలాగే పోయింది. 18:12కి రాగానే అంకె 17:30 దాటింది, అప్పుడు ప్యాక్‌లోకి ఎక్కించింది. తప్పు సరిగ్గా రెండున్నర గంటల వెడల్పు ఉంది, అది రెండు దేశాల మధ్య తేడా. ఇంతకంటే స్పష్టమైన గుర్తు దొరకదు.

రెండున్నర గంటలు కలిపి చూడండి. రెండో రికార్డు మన 17:36కి, మూడోది 18:21కి, నాలుగోది 19:07కి, ఐదోది 19:59కి మొదలయ్యాయి. నాలుగూ ప్యాక్ మొదలయ్యాకే. 118, 97, 84, 67 కలిపితే 366 ఎంబీ. మొదటిది మాత్రం మన 17:14, అంటే ప్యాక్‌కు ముందే. ఆ 46 ఎంబీ మీ ఫోన్ దిగగానే తనంతట తాను చేసుకున్న సింక్ అయి ఉంటుంది: ఫొటోల బ్యాకప్, మెయిల్, యాప్‌ల అప్‌డేట్. మీరు ఫోన్ ముట్టుకోకపోయినా, డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే ఇది జరుగుతుంది.

ఇప్పుడు ఇంకో పరీక్ష చేయాలి, ఎందుకంటే వాళ్లూ ఇదే చేస్తారు. ఆ 366 ఎంబీ ప్యాక్‌లో పట్టేదా? 1 జీబీ అంటే 1,024 ఎంబీ. చివరికి 380 మిగిలాయన్నారు, అంటే 644 ప్యాక్ నుంచి పోయాయి. 644కు 366 కలిపితే 1,010. ఇంకా 14 ఎంబీ ఖాళీ ఉంటుంది. కాబట్టి 366 మొత్తం ప్యాక్‌లో సరిపోతుంది. 1 జీబీని 1,000 ఎంబీగా లెక్కగట్టే ఆపరేటర్ అయితే మొదటి మాటే మారుతుంది: 1,000లో 380 పోగా 620 వాడినట్టు, దానికి 366 కలిపితే 986, ఇంకా 14 మిగులు. రెండు రకాలుగానూ మీ లెక్క నిలుస్తుంది.

రేటు ఎంబీకి ఇంత అని సమానంగా ఉంటే, 412లో 366 అంటే ఆ లైనులో దాదాపు 89 శాతం. అంత వెనక్కి రావాలి.

రౌండింగ్ సంగతి కూడా తేలిపోయింది. ఉన్నవి ఐదే రికార్డులు. ఒక్కోదాన్ని పూర్తి ఎంబీకి పైకి తోసినా మొత్తం తేడా 5 ఎంబీ దాటదు.

చక్రి_టాప్‌గేర్

ఒప్పుకుంటున్నా అన్నా, ఐదు రికార్డులకు రౌండింగ్ వాదన చెల్లదు. కానీ మొదటి రికార్డు సంగతి? 14:44కి మొదలై రెండోది 15:06కి వచ్చిందంటే, మొదటిది 15:00 దాటి ఆరు నిమిషాలు నడిచి ఉండొచ్చు కదా. ఆ ఆరు నిమిషాల డేటా ప్యాక్‌లోకి రావాలి. 46 కూడా వదలకూడదు.

బిల్లింగ్_బెంచ్

మంచి పాయింట్ చక్రి. ఎంతసేపు నడిచిందో చూస్తే తెలుస్తుంది. అయితే మామూలుగా రికార్డు మొదలైన సమయం ఏ ప్యాక్‌లో ఉంటే రికార్డు మొత్తం దాని కిందే కడతారు. అవతలి ఆపరేటర్ పంపే రికార్డులో ఒకే మొత్తం ఉంటుంది, ఏ నిమిషానికి ఎంత అన్నది ఉండదు. ఆరు నిమిషాల వాటా తేల్చాలంటే మన గేట్‌వే రికార్డులో మధ్యలో కోత పడి ఉండాలి. నా సలహా, 366 మీద గట్టిగా నిలబడండి, 46ను విడి పేరాలో అడగండి. రెండూ ఒకే ముద్దగా అడిగితే, బలహీనమైనదాన్ని చూపించి మొత్తం తిరస్కరించే వీలు వాళ్లకు దొరుకుతుంది.

ఫిర్యాదు_పత్రం

46 విషయంలో నేను బెంచ్ గారితో పూర్తిగా ఏకీభవించను. దిగగానే రేటు తెలిపే ఎస్సెమ్మెస్ ఏ సమయానికి వచ్చిందో చూడండి. అది 14:44 తరువాత వచ్చి ఉంటే, రేటు చెప్పకముందే వాడకం మొదలైందని గట్టిగానే అడగొచ్చు. ఎస్సెమ్మెస్ ముందే వచ్చి ఉంటే వదిలేయండి.

ఏదేమైనా మెయిల్ ఇలా రాస్తే సరిపోతుంది. కోపం, వేడుకోలు రెండూ అక్కర్లేదు:

«కంప్లయింట్ నంబరు ఫలానా. 4వ తేదీ రోమింగ్ డేటా 412 ఎంబీ ఛార్జీపై. మీరు పంపిన రికార్డుల్లో సమయాలు సందర్శిత దేశపు గడియారంలో ఉన్నాయి. నా ప్యాక్ 17:30కి మొదలైందన్న మీ సందేశం స్వదేశీ గడియారంలో ఉంది. రెండు దేశాల తేడా రెండున్నర గంటలు. ఒకే గడియారానికి మార్చి చూస్తే 2 నుంచి 5 వరకు రికార్డులు, మొత్తం 366 ఎంబీ, ప్యాక్ మొదలయ్యాక జరిగినవే. ప్యాక్‌లో 380 ఎంబీ మిగిలి ఉంది కాబట్టి ఈ పరిమాణం అందులో సరిపోతుంది. కావున 366 ఎంబీని ప్యాక్ కింద తిరిగి రేటింగ్ చేసి, ఛార్జీని, దానిపై వేసిన పన్నును, ఈ మొత్తంపై ఏదైనా ఆలస్య రుసుము వేసి ఉంటే దాన్ని కూడా రద్దు చేసి క్రెడిట్ నోట్ ఇవ్వగలరు. పరిష్కారం అయ్యేవరకు ఈ మొత్తాన్ని వివాదంలో ఉన్నదిగా గుర్తించి, సేవలు ఆపవద్దు.»

ప్యాక్ ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్, వాళ్లే పంపిన రికార్డుల పేజీ, వివాదం లేని మొత్తం కట్టిన రసీదు జతచేయండి. పన్ను మాట మర్చిపోకండి. మూల ఛార్జీ తీసేసి పన్ను అలాగే ఉంచేయడం చాలాసార్లు జరుగుతుంది.

నిశాచరి_88

ఒక సందేహం. ప్యాక్ చివర్లో ఇదే తప్పు తిరగబడదా? 11వ తేదీన ప్యాక్ మన 17:30కి ముగుస్తుంది, అక్కడ 15:00. వాళ్ల సిస్టమ్ మాత్రం అక్కడి 17:30 దాకా ప్యాక్ ఉందనుకుంటుంది. ఆ రెండున్నర గంటల్లో వాడినది ఉచితంగా పోయినట్టు కదా. తిరిగి రేటింగ్ చేయమంటే అది బయటికొస్తుంది.

బిల్లింగ్_బెంచ్

అవును, ఇది చాలామందికి తట్టదు. తిరిగి రేటింగ్ చేయిస్తే ప్యాక్ రెండు కొసలూ సరిచేస్తారు. శశిరేఖ గారు 10వ తేదీకే వచ్చేశారు కాబట్టి ఆవిడకు నష్టం లేదు. 11న అక్కడే ఉండి 15:00 తరువాత వాడినవాళ్లయితే, అడిగేముందు ఆ వాడకం ఎంతో చూసుకోవాలి. మనకంటే ముందున్న దేశాల్లో ఈ తప్పు అటూ ఇటూ మారుతుంది: మొదట్లో లాభం, చివర్లో నష్టం.

శశిరేఖ_పి

రేటు ఎస్సెమ్మెస్ 14:47కి వచ్చింది. కాబట్టి 46ను కూడా విడి పేరాలో అడిగాను.

ఫోన్లో మాట్లాడితే «అవతలి ఆపరేటర్‌కు మేం డబ్బు కట్టేశాం, కాబట్టి వెనక్కి ఇవ్వలేం» అన్నారు. దీనికేమనాలి? ఆ ఆరు కాల్స్ సంగతి కూడా చెప్పరూ.

బిల్లింగ్_బెంచ్

వాళ్లు అవతలి ఆపరేటర్‌కు కట్టేది హోల్‌సేల్ లెక్క. మీరు ప్యాక్‌లో వాడినా, వెలుపల వాడినా వాళ్లు అక్కడ కట్టేది అంతే. మీకు ఏ రేటు వేయాలన్నది పూర్తిగా మీ ఆపరేటర్ చేతిలోని పని. అవతలివాళ్ల రికార్డులో తప్పు ఉందని మనం అనట్లేదు. టాప్ ఫైల్లో స్థానిక సమయంతో పాటు యూటీసీ తేడా కూడా వస్తుంది. గడియారం మార్చడానికి కావాల్సింది వాళ్ల దగ్గర ఉంది, వాడలేదు. ఆ రెండు వాక్యాలే రాసి పంపండి.

కాల్స్ విషయం. మీకు వాయిస్‌మెయిల్ ఉందా? రికార్డులు జతలు జతలుగా ఉన్నాయేమో చూడండి: ఒకే నిమిషానికి ఒక ఇన్‌కమింగ్, దాని వెంటే మన దేశపు నంబరుకు ఒక అవుట్‌గోయింగ్.

శశిరేఖ_పి

అవును! మూడు జతలే. అవుట్‌గోయింగ్ వెళ్లింది నేనెప్పుడూ చూడని నంబరుకు.

బిల్లింగ్_బెంచ్

అది వాయిస్‌మెయిల్ నంబరు. మీకు ఎవరో కాల్ చేశారు. మన దేశం నుంచి ఆ కాల్ మీరున్న దేశానికి వెళ్లి మీ ఫోన్ మోగింది. మీరు ఎత్తలేదు. అప్పుడు అక్కడి స్విచ్ ఆ కాల్‌ను ఫార్వర్డ్ నియమం ప్రకారం తిరిగి మన దేశంలోని వాయిస్‌మెయిల్‌కు పంపింది. ఒకే కాల్ రెండుసార్లు సరిహద్దు దాటింది. వెళ్లినదానికి ఇన్‌కమింగ్ రోమింగ్, వచ్చినదానికి అంతర్జాతీయ అవుట్‌గోయింగ్ వేశారు. ఎత్తకపోయినా ఛార్జీ పడేది ఇందుకే. ఫోన్ ఆఫ్ చేసి ఉంటే సాధారణంగా కాల్ ఇక్కడి నుంచే వాయిస్‌మెయిల్‌కు మళ్లుతుంది, ఈ రెండు ప్రయాణాలు ఉండవు. ఫోన్ మోగి ఎత్తనప్పుడు, బిజీలో ఉన్నప్పుడు మాత్రమే ఈ చిక్కు.

ఇది డేటా లాంటి లెక్క తప్పు కాదు. మీ ప్యాక్‌లో ఇన్‌కమింగ్ నిమిషాలు ఉంటే, జతలో మొదటి మూడూ ప్యాక్ కిందకి రావాలని అడగండి. రెండో మూడింటిని హక్కుగా కాక, మొదటిసారి కనుక మాఫీ చేయమని అడగడమే సబబు. డేటా ఫిర్యాదులో కలపకుండా వేరే నంబరు తీసుకోండి.

మళ్లీ వెళ్లేముందు, ఇక్కడి నెట్‌వర్క్‌లో ఉండగానే ఇవి డయల్ చేయాలి:

```
*#61#    ఎత్తకపోతే ఎక్కడికి వెళ్తుందో చూపిస్తుంది
##002#   అన్ని ఫార్వర్డింగ్‌లనూ తీసేస్తుంది
```

కొన్ని నెట్‌వర్కుల్లో ఫార్వర్డింగ్ మళ్లీ దానంతట అదే వచ్చేస్తుంది. తీసేశాక మొదటి కోడ్‌తో ఇంకోసారి సరిచూసుకోండి.

లలిత_సాగర్

నా బిల్లులో చూశాను, 901తోనే ఉంది. రేటు తెలిపే ఎస్సెమ్మెస్ రాలేదు. వేరే థ్రెడ్ పెడుతున్నాను.

శశిరేఖ_పి

ఇవాళ్టికి వచ్చిన జవాబు: 366 ఎంబీకి ఛార్జీ, పన్ను రెండూ రద్దు చేస్తున్నామని, క్రెడిట్ నోట్ వచ్చే బిల్లులో కనిపిస్తుందని రాశారు. 46 ఎంబీని తిరస్కరించారు, «వాడకం నిజమే, సందేశం సకాలంలో పంపాం» అన్నారు. ఇన్‌కమింగ్ మూడూ ప్యాక్‌లోకి మార్చారు. ఫార్వర్డ్ కాల్స్ పరిశీలనలో ఉన్నాయట.

ఫిర్యాదు_పత్రం

14:44కి డేటా మొదలైంది, 14:47కి సందేశం వచ్చింది, అయినా సకాలంలో అన్నారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి అప్పీలు వేయండి. మూడు నిమిషాల్లో 46 ఎంబీలో ఎంత పోయిందో గేట్‌వే రికార్డు నుంచి చూపమని అడగండి. ఇచ్చినా ఇవ్వకపోయినా, వాళ్ల జవాబు మీ ఫైల్లో ఉంటుంది.

బిల్లింగ్_బెంచ్

అప్పీలు వేయండి, కాదనను. నా అంచనాకు మొత్తం రాకపోవచ్చు. ఒక్క పని మాత్రం చేయండి: వచ్చే బిల్లు, ఆ తరువాతి బిల్లు కూడా చూడండి. అవతలి ఆపరేటర్ల రికార్డులు వాడకం జరిగిన దాదాపు 30 రోజుల వరకు వస్తూ ఉంటాయి. 5 నుంచి 10 తేదీల మధ్య ఇంకేమైనా కొత్త లైను కనిపిస్తే, ముందు ఛార్జింగ్ ఐడీ, మొదలైన సమయం ఇప్పుడున్న రికార్డులతో కలుస్తున్నాయేమో సరిచూడండి. రెండూ కలిస్తే అది ఒకే వాడకానికి రెండోసారి వేసిన బిల్లు. క్రెడిట్ నోట్‌లో కంప్లయింట్ నంబరు ఉందో లేదో కూడా చూసి, ఇక్కడ చెప్పండి.